ఇరవై ఫ్రేములలో ఒక తల్లి తిట్టు

గుమ్మానికి లోపల ఒక తల్లి నిలబడి ఉంటుంది. ఎదురుగా ఆమె కొడుకు. తండ్రి మిగిల్చి వెళ్ళిన ఎకరం పొలాన్ని తల్లికి చెప్పకుండా తాకట్టు పెట్టి, ఆ డబ్బంతా తగలేసి, అన్నం కోసం మళ్ళీ ఇంటికి వచ్చాడు. ఆమె పెదవులు బిగబట్టి కాసేపు అతని వైపు చూస్తుంది. ఆ తర్వాత ఒక్క తిట్టు తిట్టి, బయటికి పొమ్మంటుంది. ఒడియాలో ఆమె అనేది ఇంతే: "పోడాముహాఁ! మో ఘరు బాహారి జా." కాలిన మొహం వాడా, నా ఇంట్లోంచి బయటికి పో అని ఆ మాటలకు అర్థం. ఇది ఒక చిన్న ఒడియా చిత్రంలోని దృశ్యం. దానికి తెలుగు మాటలు రాసే పని నాకు వచ్చింది. చిత్రమంతటికీ పట్టిన సమయం ఒక ఎత్తు అయితే, ఈ ఒక్క తిట్టుకు పట్టిన నాలుగు రోజులు మరొక ఎత్తు. ఆ నాలుగు రోజులలో నేను చేసిన తప్పులు, చివరికి చేరిన నిర్ణయం, దానిని నేను ఎందుకు సమర్థించుకుంటున్నాను అన్నది ఇక్కడ వివరంగా రాయాలనుకుంటున్నాను. డబ్బింగ్ రచయిత, తెరమీద కదిలే పెదవులకు మాట అతకడం కోసం తిట్టును వదులుకోవాలనీ, లేదా తిట్టు కోసం పెదవులను వదులుకోవాలనీ చాలామంది అనుకుంటారు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు కావని నా అనుభవం. అడ్డు వచ్చేది మనం తిట్టును నిఘంటువులో వెతకడం.

మాది గంజాం జిల్లా బరంపురం. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ప్రాంతం ఇది. మా వీధిలో తెలుగు ఇళ్ళు, ఒడియా ఇళ్ళు కలిసే ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. తిట్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎవరి కోపం వాళ్ళ ఇంటి భాషలోనే బయటపడుతుంది. ఇక్కడి తెలుగువాళ్ళు ఒడియాలో బేరమాడతారు, ఒడియాలో దరఖాస్తు రాస్తారు, కానీ కడుపు మండినప్పుడు తెలుగులోనే తిడతారు. ఆ తేడాను చిన్నప్పటి నుంచి వింటూ పెరగడం వల్ల, "పోడాముహాఁ" అన్న మాట తెరమీద వినగానే అది నిఘంటువు అర్థంగా కాక, ఎదురింటి అరుగు మీద నుంచి వినిపించే గొంతుగా నా చెవిన పడింది.

ముందు పెదవుల సంగతి చెప్పాలి, ఎందుకంటే వాటి విషయంలో ఉన్న భయం అవసరానికి మించినది. మాట్లాడే మనిషి నోటిలో జరిగే పనిలో చాలా భాగం బయటికి కనిపించదు. క, గ, ట, డ, త, ద, న, ల, ర వంటివన్నీ నాలుక, అంగిలి, పళ్ళు చేసుకునే పనులు. చూసేవాడికి అక్కడ తెలిసేది నోరు కొంచెం తెరుచుకుని ఉందన్న సంగతి మాత్రమే. కచ్చితంగా కనిపించేవి ప, ఫ, బ, భ, మ. వీటికి రెండు పెదవులూ పూర్తిగా కలుసుకోవాలి. ఇందులోనే రచయితకు ఒక పెద్ద వెసులుబాటు కూడా ఉంది. ప, బ, మ మూడూ చెవికి వేరు కానీ కంటికి ఒక్కటే. మూలంలో బ ఉన్న చోట మనం మ వేసినా, ప వేసినా చూసేవాడు పట్టుకోలేడు. ఇవి కాక గమనించవలసినవి రెండు: పెదవులు గుండ్రంగా ముందుకు వచ్చే ఉ, ఊ, ఒ, ఓ ఒకటి, మాట ముగిసేటప్పుడు నోరు ఏ తీరులో ఆగిందన్నది మరొకటి.

కాలం లెక్క కూడా కొంత తెలుసుకోవాలి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. అంటే ఒక్కొక్క ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఇచ్చిన సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందుకు జరిగితే చూసేవాడు పసిగడతాడు. వెనక్కు జరిగితే మాత్రం 125 దాకా పసిగట్టడు. దూరం నుంచి వచ్చే శబ్దం కంటికి కనిపించినదానికంటే ఆలస్యంగా చేరడం మన చెవులకు అలవాటే కాబట్టి, ఆలస్యాన్ని మనసు సహిస్తుంది, తొందరను సహించదు. అందువల్ల పెదవులు కలిసే అక్షరాన్ని రెండు ఫ్రేములు ముందు పలికితే తప్పుగా తోస్తుంది, అదే రెండు ఫ్రేములు వెనుక పలికితే సరిపోతుంది. డబ్బింగ్ ఆర్టిస్టుకు ఈ లెక్కతో పని లేదు. రచయితకు, ఇంజనీరుకు మాత్రం ఇది రోజూ అవసరమయ్యేదే.

ఇప్పుడు ఆ తల్లి నోరు చూద్దాం. "పోడాముహాఁ" అన్న మాట మొత్తం ఇరవై ఫ్రేములు ఉంది. నాలుగు అక్షరాలు. మొదటి అక్షరం దగ్గర పెదవులు కలుస్తాయి, మూడవ అక్షరం దగ్గర మళ్ళీ కలుస్తాయి, చివర నోరు బాగా తెరుచుకుని ఆగుతుంది. చివరి అనునాసికం ముక్కుతో పలికేది కాబట్టి పెదవులమీద కనిపించదు. మొదటి అక్షరంలో ఓకారం, మూడవదానిలో ఉకారం ఉన్నాయి కాబట్టి ఆ రెండుచోట్లా పెదవులు గుండ్రబడతాయి. అంటే నాకు కావలసింది నాలుగు అక్షరాల తెలుగు తిట్టు. ఒకటవ, మూడవ అక్షరాలు ప, బ, మలలో ఏవైనా కావాలి. చివర ఆకారం ఉండాలి. కెమెరా ఆమె ముఖానికి బాగా దగ్గరగా ఉంది. తప్పించుకోవడానికి వీలు లేదు.

హిందీ నుంచి రాసేటప్పుడు ఉండే ఒక ఇబ్బంది ఒడియాలో లేదని ఇక్కడ చెప్పుకోవాలి. హిందీలో మాట చివరి అకారం పలకరు. మాట హల్లుతో టక్కున తెగిపోతుంది, నోరు మూతబడుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి తెరమీద నోరు మూసుకున్న తర్వాత కూడా మన తిట్టు తోక కొంత మిగిలి వినబడుతుంది. ఒడియా అలా కాదు. మనలాగే చివరి అచ్చును పలుకుతుంది. అయితే ఒడియా అకారం మన అకారంలా ఉండదు. ఒకారానికి దగ్గరగా, పెదవులు కొంచెం గుండ్రం చేసి పలుకుతారు. కాగితం మీద అకారంగా కనిపించేది తెరమీద ఒకారంగా కనిపిస్తుంది. లిపిని చూసి రాసే రచయిత ఇక్కడే పొరబడతాడు. బొమ్మను చూసి రాయాలి.

మొదటి రోజున నాకు తట్టినది "పాడుమొహమా". కాలిన మొహానికి పాడు మొహం అర్థంలోనూ దగ్గరే, ధ్వనిలోనూ దగ్గరే అని సంతోషించాను. లాప్‌టాప్‌లో బొమ్మ పక్కన పెట్టి నా గొంతుతోనే పలికి చూసుకుంటే సంతోషం నిలవలేదు. ఒకటి, మూడు అక్షరాలు చక్కగా కూర్చున్నాయి, కానీ చివరి "మా" దగ్గర ఆమె నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది. తెరుచుకున్న నోటి మీద మకారం వినిపిస్తే అది కేవలం అతకని మాటగా మిగలదు, అసలు మాటే మసకబారుతుంది. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు దీనిని చూపించారు. "గ" అంటున్న నోటి బొమ్మకు "బ" శబ్దం జతచేస్తే చూసేవారిలో చాలామంది "ద" అని విన్నారు. కన్ను చెవిని దారి మళ్ళిస్తుంది. మూలంలో లేని పెదవి కలయికను తెలుగులో తెచ్చిపెడితే, తిట్టు పదును అక్కడే పోతుంది. ఏ మాటనైతే ప్రేక్షకుడు స్పష్టంగా వినాలో సరిగ్గా ఆ మాటే అలుక్కుపోతుంది.

రెండవ రోజు దొరికినది "పోరంబోకా". ఇది చూడగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. నాలుగు అక్షరాలు. మొదట పో, అదీ గుండ్రని ఓకారంతో, మూలంలో ఉన్నట్టే. మధ్యలో సున్న, బో కలిసి పెదవులను మూసి, మళ్ళీ గుండ్రం చేస్తాయి. చివర ఆకారం. శబ్దం తగ్గించి బొమ్మ చూస్తే ఆ తల్లి తెలుగులోనే "పోరంబోకా" అంటున్నట్టు ఉంది. పెదవుల పరీక్షలో దీనికి నూటికి నూరు వేయవచ్చు. ఆ దృశ్యానికి నా గొంతే జత చేసి, సాయంత్రం మా వీధిలో ఉండే ఒక పెద్దావిడకు చూపించాను. ఆమె పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర. యాభై ఏళ్ళుగా బరంపురంలో ఉంటున్నారు. రెండు భాషలూ వచ్చు. దృశ్యం అయిపోయాక కాసేపు ఊరుకుని ఆమె ఇలా అన్నారు:

"ఏటి బాబూ, కన్నతల్లి కొడుకుని పోరంబోకంతాదా? అది ఊరోళ్ళనే మాట. కడుపు రగిలిన తల్లి సావు తిట్టే తిడతాది. తల్లి తిట్టు తగలదు కదా, అందుకే తిడతాది."

నాకు రెండు రోజులుగా అందని విషయాన్ని ఆమె మూడు ముక్కల్లో చెప్పారు. పోరంబోకు మొదట రెవెన్యూ లెక్కలలోని మాట. పట్టా లేని, శిస్తు లేని, ఎవరిదీ కాని భూమి. ఆ మాటను మనిషికి అంటగడితే దిక్కూమొక్కూ లేకుండా తిరిగేవాడు అన్న అర్థం వస్తుంది. అది ఎవరికీ చెందనివాడు అన్న తిట్టు. కన్నతల్లి నోట ఆ తిట్టు వస్తే ఆమె తన మాతృత్వాన్ని తానే కాదనుకున్నట్టు అవుతుంది. ఒడియా తల్లి ఆ పని చేయడం లేదు. ఆమె కొడుకును తన కొడుకుగానే ఉంచుకుని, వాడి మొహం కాలాలంటున్నది. మూలంలోని తిట్టు తగిలే చోటు చావు. నా తిట్టు తగిలిన చోటు పరువు. రెండూ మోటు మాటలే, రెండూ దాదాపు ఒకే పాటి ఘాటైనవే. అయినా అవి వేర్వేరు మనుషులు వేర్వేరు మనుషులను తిట్టే తిట్లు.

తిట్టును అనువదించడం అంటే దాని ఘాటును కొలిచి అంత ఘాటైన మాట వెతకడం అని చాలాకాలం నేనూ అనుకున్నాను. ఘాటు కంటే ముందు చూడవలసినది తిట్టు ఎక్కడ తగులుతుందన్నది. చావుకా, తల్లికా, ఒంటికా, తెలివికా, చుట్టరికానికా? ఆ చోటు దొరికితే ఘాటు చాలావరకు దానంతట అదే కుదురుతుంది. ఆ చోటు తప్పిపోతే పెదవులు ఎంత అందంగా కలిసినా పాత్ర మారిపోతుంది.

ఒడియాలోనూ హిందీలోనూ అడుగడుగునా వినిపించే బావమరిది తిట్టును తీసుకుంటే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఒడియాలో అది "శళా". నీ తోబుట్టువుతో నాకు సంబంధం ఉందని చెప్పడమే అందులోని అవమానం. మేనరికాలు ఉన్న తెలుగు ఇళ్ళలో బావమరిది అనేది సరసానికి, చనువుకు పుట్టినిల్లు. "ఒరే బావమరిదీ" అని తెలుగులో రాస్తే ప్రేక్షకుడు నవ్వుతాడు, పాత్రలు చుట్టాలనుకుంటాడు. అర్థం సరిగ్గా దిగింది, తిట్టు పూర్తిగా ఎగిరిపోయింది. ఒడియా నోటిలో ఆ మాట రెండు అక్షరాలు, పెదవులు ఎక్కడా కలవవు, మొదట గుండ్రబడి తర్వాత తెరుచుకుంటాయి. "లుచ్చా" ఆ నోటిలో హాయిగా ఇముడుతుంది. స్నేహితుల మధ్య ఊతపదంగా వాడిన చోట అయితే ఆ తిట్టే అవసరం లేదు, "ఒరేయ్" చాలు.

మూడవ రోజు ఆ పెద్దావిడ మాట పట్టుకుని చావు తిట్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. సచ్చినోడా, నీ మొహం మండా, నీ జిమ్మడా, నీ పాడె కట్టా, నీ పాడె మొయ్యా. అలా వరుసగా పెట్టి చూసేసరికి చివరిదాని దగ్గర కన్ను ఆగింది. "నీ" తీసేస్తే "పాడె మొయ్యా". నాలుగు అక్షరాలు. ఒకటవది పా, మూడవది మొ. పో, డా, ము, హాఁ. పా, డె, మొ, య్యా. రెండవ అక్షరం కూడా డకారమే. చివర ఆకారం. కాలిన మొహం శ్మశానంలోది, పాడె శ్మశానానికి వెళ్ళే దారిలోది. తిట్టు తగిలే చోటు మారలేదు.

ఈ మాటలో ఇంకొక బలం ఉంది. నియమం ప్రకారం తల్లి పాడెను కొడుకు మోయాలి. ఆ తల్లి నోట "నీ పాడె నేను మొయ్యా" అనిపిస్తే క్రమం తలకిందులవుతుంది. తనను మోయవలసినవాడిని తాను మోస్తానంటున్నది. ఒడియా మాటలోనూ నాకు అలాంటిదే ఏదో వినిపిస్తుంది. "ముహఁ" అంటే మొహం, నోరు రెండూ. చనిపోయిన తల్లిదండ్రుల నోటికి నిప్పు పెట్టే ముఖాగ్ని కొడుకు చేయవలసిన పని. ఆ నిప్పును కొడుకు మొహానికే తగిలించడం ఈ తిట్టులో ఉందని నేను వ్యుత్పత్తి చెప్పడం లేదు. ఆ దృశ్యంలో, ఆ తల్లీకొడుకుల మధ్య, నాకు అలా తోచిందని మాత్రమే అంటున్నాను. అనువాదకుడు ఒక మాటను ఎంచుకునేటప్పుడు ఇటువంటి తోపులు కూడా త్రాసులో పడతాయి.

అయినా ఈ మాటకూ ఒక లోపం ఉంది. పో దగ్గర ఆమె పెదవులు గుండ్రంగా ముందుకు వస్తాయి; "పా" అన్నప్పుడు నోరు వెడల్పుగా తెరుచుకోవాలి. పెదవి కలయిక సరిపోయింది, తర్వాతి అచ్చు సరిపోలేదు. "పోరంబోకా"లో ఈ లోపం లేదు. అంటే కంటికి పూర్తిగా అతికే మాట ఒకటి, అర్థానికి పూర్తిగా అతికి కంటికి నాలుగైదు ఫ్రేములపాటు కొంచెం తేడాగా తోచే మాట మరొకటి నా ముందు ఉన్నాయి. నేను రెండవదానినే తీసుకున్నాను. కలయిక తప్పితే అందరూ పట్టుకుంటారు. అచ్చు గుండ్రదనం తప్పితే, అదీ కోపంలో మొహమంతా కదులుతున్నప్పుడు, పనిగట్టుకుని చూసేవాడు తప్ప పట్టుకోడు. పైగా ఆ లోపాన్ని గొంతుతో సగం కప్పవచ్చు. శ్రీకాకుళం నుంచి వచ్చిన డబ్బింగ్ ఆర్టిస్టు ఆ "పా"ను పూర్తిగా తెరవకుండా, పళ్ళు బిగించి లోపలికి నొక్కి పలికారు. పెదవులు బిగించుకున్న ఆ నటి ముఖానికి ఆ నొక్కు సహజంగా సరిపోయింది.

"నీ" అన్న మాట లేకపోవడం గురించి స్టూడియోలో వాదన జరిగింది. తెలుగువాళ్ళు "నీ పాడె మొయ్యా" అంటారు కానీ వట్టి "పాడె మొయ్యా" అనరు కదా అని ఒకరన్నారు. అది నిజమే. కానీ మాటకు ముందు ఆ తల్లి పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి. మూసిన పెదవుల మీద "నీ" అని వినిపించడం కుదరదు. దానికి ముందు షాట్‌లో కొడుకు మొహం ఉంది కాబట్టి, "నీ" అన్నది ఆ షాట్ చివర, ఆమె కనిపించకముందే వినిపించేలా వేయవచ్చని ఇంజనీరు ఒక దారి చూపించారు. ముఖం కనిపించని చోట మాటలను సర్దడం మా పనిలో ఎప్పుడూ చేసేదే. మాట్లాడేవాడి వీపు కనిపిస్తున్నా, కెమెరా వినేవాడి మీద ఉన్నా అక్కడ రచయితకు నాలుగు అక్షరాలు అదనంగా దొరికినట్టే. ఇక్కడ మాత్రం ఆ దారి వద్దన్నాను. ఆ నిశ్శబ్దాన్ని దర్శకుడు కావాలని పెట్టాడు. ఆమె తిడుతుందో, ఏడుస్తుందో, పళ్ళెం పెడుతుందో తెలియని ఆ కొద్ది క్షణమే తిట్టుకు బలం. "నీ" వినిపించగానే తెలుగు చెవికి వచ్చేది తిట్టని ముందే తెలిసిపోతుంది. కోపంలో ఉన్న మనిషి మాట మొదటి ముక్కను మింగేయడం మనం రోజూ వినేదే. ఆ "నీ"ని ప్రేక్షకుడే తన మనసులో పూరించుకుంటాడు.

తర్వాతి వాక్యం తిట్టుకంటే తేలికగా కుదిరింది. "మో ఘరు బాహారి జా" ఏడు అక్షరాలు. ఒకటవ అక్షరం మ, నాలుగవది బ, చివర తెరిచిన నోరు. నేను మొదట రాసుకున్న "మా ఇంట్లోంచి బయటికి పో"లో రెండు చిక్కులు ఉన్నాయి. "బయటికి" రావలసినదానికంటే ఆలస్యంగా వస్తుంది. చివరి "పో" మూసిన పెదవులతో మొదలై గుండ్రంగా ముగుస్తుంది, కానీ ఆమె నోరు అక్కడ పూర్తిగా తెరిచి ఉంది. "మా గడప దాటరా" అని మార్చాను. మా, గ, డ, ప, దా, ట, రా. ఏడు అక్షరాలు, ఒకటవది మా, నాలుగవది ప, చివర రా. ఒడియాలో హ్రస్వ దీర్ఘాల తేడా మనకున్నంత కచ్చితంగా ఉండదు. అక్కడ అచ్చు సాగితే అది కోపం వల్లనో బాధ వల్లనో సాగుతుంది. తెలుగులో దీర్ఘం మార్చితే మాటే మారిపోతుంది కాబట్టి, మూలంలో నటి ఎక్కడ సాగదీసిందో చూసుకుని అక్కడ మన దీర్ఘం పడేలా మాటలు పేర్చుకోవాలి. ఆమె "హా" దగ్గర సాగదీసింది. మన "దా" అక్కడ పడింది.

పని అయిపోయిందనుకున్నాక వచ్చిన చిక్కు వేరు. చిత్రం కొనుక్కున్నవారి తరఫున ఒకరు ఫోన్ చేసి, పాడె అన్న మాట అశుభంగా ఉందనీ, దానికి బదులు "వెధవా" అని పెట్టమనీ, అది కూడా కుదరకపోతే అక్కడ శబ్దం తీసేస్తామనీ అన్నారు. ఈ రెండింటినీ నేను ఒప్పుకోకపోవడానికి కారణం రచయిత పట్టుదల కాదు. రెండూ పనిగా కూడా చెడ్డవే.

"వెధవా"లో మూడు అక్షరాలే ఉన్నాయి, రెండు పెదవులూ కలిసేది ఒక్కటీ లేదు. వకారానికి కింది పెదవి పై పళ్ళ దగ్గరకు వస్తుంది. దూరపు షాట్‌లో అది పకారంగా చెల్లిపోవచ్చు. దగ్గరి షాట్‌లో చెల్లదు. మూడవ అక్షరం దగ్గర ఆమె పెదవులు గట్టిగా కలుస్తుంటే మన గొంతులో ఏ కలయికా ఉండదు. మెత్తని మాట అని తెచ్చుకున్నది పెదవుల దగ్గరే ఓడిపోయింది. పైగా ఆ మాట పుట్టింది విధవ నుంచి. భర్త పోయిన ఒక ముసలామె చేత కొడుకును ఆ మాట అనిపించడం మెత్తదనం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

శబ్దం తీసేయడం ఇంకా చెడ్డది. పైన చెప్పిన ప, బ, మల పోలికే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. శబ్దం లేకుండా పెదవులు రెండుసార్లు కలిసి, చివర నోరు తెరుచుకుంటే, చూసేవాడికి అది "పాడె మొయ్యా" అని తెలియదు. ఆ కదలికలో ఇమిడే మాటలు ఎన్నో ఉన్నాయి. తిట్టు తీసేశారు అన్న సంగతి మాత్రం తెలుస్తుంది కాబట్టి, తనకు తెలిసిన వాటిలో అన్నిటికంటే పచ్చి బూతును అక్కడ ఊహించుకుంటాడు. చావు తిట్టు తిట్టిన తల్లి నోట, ఆమె అనని, తల్లిని తిట్టే బూతును మనమే పెట్టినవాళ్ళమవుతాము. డబ్ చేసిన చిత్రానికి సెన్సార్ ధ్రువపత్రం విడిగా తీసుకోవాలి కాబట్టి ఈ ప్రశ్న తెలుగు రూపానికి మళ్ళీ మొదటి నుంచి వస్తుంది. అందుకే ఏ మాట ఎందుకు పెట్టామో రచయిత కాగితం మీద రాసి ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. నేను అలాగే రాసి ఇచ్చాను. ఆ మాట నిలిచింది.

తెలుగు బూతులలో నాకు ఈ పనివల్లనే కనబడిన విషయం ఒకటి ఉంది. మనం అన్నిటికంటే ఎక్కువగా వాడే మోటు తిట్లలో పెదవులు కలవవు. లంజకొడకా, దొంగనాకొడకా, గాడిదా, సన్నాసీ వంటివన్నీ నాలుకతో, గొంతుతో పలికేవి. "కొడకా" అని ముగిసే కుటుంబమంతా ఇంతే. మూలంలోని తిట్టు పకార మకారాలతో మొదలైతే ఈ కుటుంబం నేరుగా పనికిరాదు. అప్పుడు ముందు ఒక విశేషణం చేర్చుకోవాలి. పనికిమాలిన, ముదనష్టపు, పాపిష్టి, బుద్ధిలేని వంటివన్నీ పెదవులు కలిసే మాటలే. మూలంలో రెండవ కలయిక ఎక్కడ ఉందో చూసుకుని వీటిలో ఒకటి పెట్టుకుంటే తిట్టు కూర్చుంటుంది. ఇలా వెతుకుతున్నప్పుడు పెదవులకు చక్కగా సరిపోయే కులం పేర్లు కూడా తిట్టు రూపంలో తగులుతాయి. మూలంలో కులం ఊసు లేనప్పుడు పెదవుల కోసం తెలుగులో కులాన్ని తెచ్చి తిట్టించడం నేను చేయను. అలా రాస్తే ఆ పాత్ర చేయని పాపాన్ని దాని మెడకు చుట్టినట్టు అవుతుంది.

చిత్రంలోని తల్లి మాటలలో, ఆ పెద్దావిడ అన్న "తిడతాది" వంటి యాసను "తిడుతుంది" అని సరిదిద్దాలని ఇంకొకరు సూచించారు. ఈ జిల్లాకు ఆనుకునే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పారు. అక్కడే సవర మాటలు నేర్చుకుని, మనుషులు నోటితో పలికే తెలుగే కాగితం మీదికి రావాలని వాదించారు. ఆయన తిరిగిన సీమలో ఉంటూ, కడుపు మండిన పల్లెటూరి తల్లికి పత్రికల తెలుగు పెట్టలేను. చిత్రంలోని ఆ తల్లి మిగిలిన మాటలన్నీ ఈ ప్రాంతపు యాసలోనే ఉంచాను. "చచ్చినోడా" అని రాయవలసిన ప్రతిచోటా "సచ్చినోడా" అనే రాశాను. చకారం సకారమైతే పెదవులకు ఏ తేడా లేదు, ఆ మనిషికి మాత్రం చాలా తేడా ఉంది.

చిత్రం చివరి భాగంలో అదే ఒడియా మాట మళ్ళీ వస్తుంది. ఈసారి అనేది వదిన. ఊరి జాతరకు కొత్త చొక్కా వేసుకుని వచ్చిన మరిది ఆమె వంటను ఎగతాళి చేస్తే, నవ్వు ఆపుకుంటూ "పోడాముహాఁ" అని మూతి తిప్పుకుని వెళ్ళిపోతుంది. ఒడియా ఆడవాళ్ళు ఈ మాటను మురిపెంగా కూడా వాడతారు. అవే నాలుగు అక్షరాలు, అవే రెండు కలయికలు. కాగితం మీద ఒకే మాట కాబట్టి తెలుగులోనూ ఒకే మాట ఉండాలని పట్టుబట్టే సహాయకుడు ఒకరు అక్కడ కూడా "పాడె మొయ్యా" అని దింపి ఉంచారు. వదిన నోట ఆ మాట వింటే నవ్వుతున్న ఇల్లు ఒక్కసారి ఆగిపోయినట్టు ఉంది. ఆ తిట్టు చావును తాకవలసిన అవసరం ఇక్కడ లేదు. అసలు అది తిట్టే కాదు. "పోదూ, మహా" అని రాశాను. పో, దూ, మ, హా. మొదటి అక్షరం మూలంలో ఉన్నదే, గుండ్రని ఓకారంతో సహా, మూడవది మ, చివర హా. ఆమె తల తిప్పుకోగానే కెమెరాకు జడ తప్ప మొహం కనిపించదు కాబట్టి, "చెప్పొచ్చావులే" అన్న మిగిలిన ముక్కను ఆ జడ మీద పెట్టాను.